"కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అంటే ఏం చేయమని?

కొత్తకొలువు: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ పని నాది. న్యూయార్క్ క్లయింటుకు నేను రాసిన మెయిల్‌ను "ఇది తాతల కాలం ఇంగ్లీషు, మార్చు" అని లీడ్ వెనక్కి పంపారు. మెయిల్ ఇది: "డియర్ సర్, ద సర్వర్ డిస్క్ ఈజ్ గెటింగ్ ఫుల్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియస్ట్." "ప్లీజ్ డూ వాట్ ఈజ్ నెసెసరీ" అని మారిస్తే సరిపోతుందా?

బడిపంతులు: అసలు వ్యాకరణమే తప్పు. నీడ్‌ఫుల్ విశేషణం, దానికి "ద" తగిలించి నామవాచకం చేయకూడదు. ప్రీపోన్ లాగా మనవాళ్లు పుట్టించిన ప్రయోగం. రివర్ట్ బ్యాక్‌లో బ్యాక్ కూడా దండగే, "రి"లోనే "వెనక్కి" ఉంది.

లేఖరి: చివరి మాట ఒప్పుకుంటాను పంతులుగారూ. మొదటిది కాదు. ద రిచ్, ద పూర్ అనడం లేదూ? ద నీడ్‌ఫుల్ ఇంగ్లండులో పుట్టిన మాటే. అక్కడ వాడుక తగ్గిపోయింది, ఇక్కడ దస్త్రాల్లో నిలిచిపోయింది. ప్రీపోన్ మాత్రం ఎక్కువగా వాడేది మనమే.

కొత్తకొలువు గారూ, మీరన్న మార్పు చొక్కా మార్చడమే. ఆ వాక్యానికి ఉన్న జబ్బు ముసలితనం కాదు, లోపల ఏమీ లేకపోవడం. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేయాలో అందులో లేదు. ఒకే ఊరి ఆఫీసులో పక్క సీటు మనిషికి అర్థమవుతుందేమో గానీ, న్యూయార్క్‌లో ఉన్నవాడు "వాట్ డూ యూ నీడ్ ఫ్రమ్ మీ?" అని అడుగుతాడు. మన రాత్రి వాళ్ల పగలు కాబట్టి దానితోనే ఒక రోజు పోతుంది. ఇంతకీ మీకు కావలసింది ఏమిటి?

కొత్తకొలువు: డిస్క్ 92 శాతం నిండింది. 30 రోజులు దాటిన లాగ్స్ తీసేయడానికి అనుమతి కావాలి. గురువారం లోపు రాకపోతే శనివారానికి నిండిపోతుంది.

లేఖరి: ఇప్పుడు చెప్పింది ఒక్కటీ మెయిల్‌లో లేదు చూడండి! అదే రాయండి, అడిగేది ముందు, కారణం తర్వాత: "కెన్ యూ అప్రూవ్ డిలీటింగ్ లాగ్స్ ఓల్డర్ దాన్ 30 డేస్? ద డిస్క్ ఈజ్ 92% ఫుల్ అండ్ విల్ రన్ అవుట్ బై సాటర్డే." నీడ్‌ఫుల్‌కు బదులు మాట వెతకనే అక్కర్లేదు, పని పేరు చెబితే అదే రాలిపోతుంది. డియర్ సర్ బదులు హాయ్ అని, పక్కన వాళ్ల పేరు.

రివర్ట్ సంగతి ఇంకా ముఖ్యం. మీ రంగంలో అది వట్టి పాతమాట కాదు, ప్రమాదం. `git revert` అంటే చేసిన మార్పును రద్దు చేసే కొత్త కమిట్. "ప్లీజ్ రివర్ట్ ఆన్ ద కాన్ఫిగ్ చేంజ్" అని మీరు జవాబు కోసం రాస్తే, అవతలి డెవలపర్ ఆ మార్పునే వెనక్కి తీసేయవచ్చు. "లెట్ మీ నో" అనండి, లేదా "రిప్లై".

రేవుమనిషి: విశాఖలో షిప్పింగ్ ఏజెన్సీ మాది. ఓడలు కుదిర్చే బ్రోకర్లు, లండన్ వాళ్లతో సహా, "విల్ రివర్ట్" అనే రాస్తారు, జవాబు ఇస్తామనే అర్థంలో. మేమూ మానాలా?

లేఖరి: అక్కర్లేదండి. ఇద్దరికీ ఒకే అర్థం ఉన్నచోట అది మీ వృత్తి మాట. బ్యాక్ మాత్రం తగిలించకండి.

గుమాస్తా: ఇంతకీ దీనికి తెలుగు ఏమిటంటారు? మా అర్జీల్లో "తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన" అంటాం.

లేఖరి: ప్రశ్న అది కాదు గానీ, బాగా దొరికింది. అచ్చంగా అదే వాక్యం, అదే జబ్బు. సర్వే నంబరు, ఏం సరిదిద్దాలో పైన రాసి ఉంటే ఆ ముగింపు వట్టి మర్యాద, పర్వాలేదు.

బడిపంతులు: కైండ్లీ అయినా ఉంచవచ్చుగా?

లేఖరి: నేనైతే తీసేస్తాను. "కైండ్లీ రిఫ్రెయిన్ ఫ్రమ్ స్మోకింగ్" బోర్డులాగా కాస్త చిరాకు వినిపిస్తుంది అమెరికన్ చెవికి. "కెన్ యూ"లోనే మర్యాద ఉంది.

బడిపంతులు: నాకు కెన్ యూ పిల్లల్ని పిలిచినట్టుంది. కుడ్ యూ అనండి.

లేఖరి: పెద్దవారికి అదే మేలేమో. ఇది చెవిని బట్టి.

కొత్తకొలువు: గడువు చేర్చాను: "ప్లీజ్ లెట్ మీ నో అంటిల్ థర్స్‌డే ఈఓడీ."

లేఖరి: అంటిల్ కాదు, బై. గురువారం "లోగా" అంటే బై, గురువారం "వరకు" అంటే అంటిల్. ఇప్పుడున్నట్టు అయితే గురువారం దాకా చెబుతూనే ఉండమన్నట్టు. ఈఓడీ కూడా వద్దు, ఎవరి సాయంత్రం? చలికాలంలో వాళ్లకూ మనకూ పదిన్నర గంటల తేడా, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. "బై 5 పీఎం ఈస్టర్న్ ఆన్ థర్స్‌డే" అని రాసి పంపేయండి. మీ గడియారంలో అప్పటికే శుక్రవారం వచ్చేసి ఉంటుంది, ఆ లెక్కన డిస్క్ ఆగుతుందో లేదో ముందు చూసుకోండి.