డాలస్ దసరా కలయిక: ట్రస్టు రశీదుల లెక్క ఒక్క పేజీలో పెట్టాలి

గజపతినగరం కోశాధికారి

అందరికీ నమస్కారం. పైడితల్లమ్మ సిరిమాను అయిన శనివారం డాలస్‌లో మనవాళ్ల కలయిక ఉంది కదా. హాలు, వంట, పిల్లల డ్యాన్సుల సంగతి అక్కడివాళ్లు చూసుకుంటున్నారు. ఇక్కడ మనం తేల్చాల్సింది ఒక్కటే. ఊళ్లో మన ట్రస్టుకి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వచ్చిన విరాళాల లెక్క ఒక్క పేజీకి కుదించి, హాల్లో అందరికీ కనబడేలా గోడకి అంటించాలి. పైన నెలవారీ మొత్తాలు, కింద పద్దులవారీ మొత్తాలు. పద్దులు మూడే: గ్రంథాలయం, స్కాలర్‌షిప్, మంచినీళ్ల ప్లాంటు.

రిజిస్టరు షేర్డ్ షీట్‌లో ఉంది. రశీదు నంబరు, తేదీ, దాత పేరు, పద్దు, మొత్తం, నగదో బ్యాంకో, చివర స్థితి. ఇంతే కాలమ్‌లు. కానీ నిన్న రాత్రి కూర్చుంటే మూడు మొత్తాలు వచ్చాయి. మొత్తం కాలమ్ కూడితే 3,86,500. నెలల పట్టిక కూడితే 3,61,500. పద్దుల పట్టిక కూడితే 3,74,500. డబ్బు బ్యాంకులో పైసాతో సహా ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ ఇలాంటి కాగితం గోడకి ఎలా పెడతాం? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చీపురుపల్లి బావ (డాలస్)

దానికంత కంగారెందుకు బాబూ. తేదీల కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Format > Number > Date నొక్కితే సర్దుకుంటుంది. మా ఆఫీసులో రోజూ చేసేదే. ఇంకో మాట. ఆ రోజు హాల్లో ఒక కౌంటరు పెడదాం. వచ్చినవన్నీ మన అసోసియేషన్ అకౌంట్లో వేసుకుని, ట్రస్టుకి ఒకేసారి పంపేద్దాం. మీకూ ఒక్క రశీదుతో పని అయిపోతుంది.

నెల్లిమర్ల మాస్టారు

కౌంటరు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు షీట్ చూడండి. తేదీల కాలమ్‌ని పైనుంచి కిందికి ఒకసారి కళ్లతో తడమండి. అన్నీ గడిలో కుడివైపుకి ఉన్నాయా? ఎడమవైపు అతుక్కున్నవి ఏమైనా ఉన్నాయా?

గజపతినగరం కోశాధికారి

ఉన్నాయి మాస్టారూ, మూడు. రశీదు 47లో 05/18/2025, 49లో 05/27/2025, 53లో 06/14/2025. వాటి మొత్తాలు పది వేలు, పది వేలు, ఐదు వేలు. ఓలమ్మా, సరిగ్గా 25,000! నెలల పట్టికలో తగ్గింది అంతే.

రాజాం తమ్ముడు (డాలస్)

అవి నేను కొట్టినవే అక్కా, క్షమించండి. బ్యాంకు మెసేజ్‌లన్నీ ఆగస్టు చివరి వారంలో ఒకేసారి కూర్చుని ఎక్కించాను. ఇక్కడ నెల ముందు రాసే అలవాటు, చెయ్యి అలాగే పోయింది.

నెల్లిమర్ల మాస్టారు

నీ ఒక్కడి తప్పు కాదు తమ్ముడూ, షీట్ అడ్డుకోలేదు. ఈ ఫైల్ మన దేశం పద్ధతిలో ఉంది, అంటే రోజు ముందు, నెల తర్వాత. పద్దెనిమిదో నెల అనేది లేదు కాబట్టి 05/18ని అది తేదీగా తీసుకోలేదు, ఉత్త అక్షరాలుగా ఉంచేసింది. అక్షరాలు ఏ నెలలోకీ రావు. బావగారు చెప్పినట్టు ఫార్మాట్ మారిస్తే గడి రూపు మారుతుందే గానీ అక్షరం తేదీ అవ్వదు. ఉన్నవి మూడే కాబట్టి చేత్తో మళ్లీ కొట్టండి.

నెలల పట్టికలో మొదటి కాలమ్‌లో "ఏప్రిల్" అని రాయకండి. 01-04-2025 అని నిజమైన తేదీ పెట్టి, కనబడటానికి మాత్రం నెల పేరు వచ్చేలా చేయండి. సూత్రం ఇది:

```
=SUMIFS(Receipts!$E:$E, Receipts!$B:$B, ">="&$A2, Receipts!$B:$B, "<"&EDATE($A2,1), Receipts!$G:$G, "OK")
```

చివర ఉన్న OK చాలా ముఖ్యం. చెక్కు తిరిగొస్తే ఆ వరుస తీసెయ్యకూడదు. స్థితిలో CANCELLED అని రాసి వదిలేయాలి. రశీదు నంబర్లలో ఖాళీ కనబడితే ఆడిటరు మొదట అడిగేది ఆ రశీదు ఎక్కడని.

బొబ్బిలి అక్క

మాస్టారూ, రశీదుల గురించే కదా మాట్లాడుతున్నారు. మా అమ్మ పేరు మీద నాన్న మే నెలలో ఐదు వేలు నగదు ఇచ్చారు, గ్రంథాలయానికి. ఇన్‌కంటాక్స్‌లో మినహాయింపు వస్తుందని మా మరిది అన్నాడు. ఆ రశీదుని రెండు వేలు, రెండు వేలు, వెయ్యిగా మూడు చేసి ఇవ్వగలరా? అలా అయితే వస్తుందట.

గజపతినగరం కోశాధికారి

అక్కా, నాన్నగారి రశీదు నంబరు 45, మే 9న నేనే రాశాను. అమ్మగారి పేరు కూడా దాని మీదే ఉంది. రశీదు విడగొట్టడం మాత్రం నా వల్ల కాదు.

నెల్లిమర్ల మాస్టారు

విడగొట్టకూడదమ్మా. నగదుగా రెండు వేలు దాటి ఇచ్చిన విరాళానికి 80జీ మినహాయింపు లేదు. ఒకేసారి ఇచ్చినదాన్ని మూడు కాగితాలు చేస్తే అది తప్పుడు రశీదు అవుతుంది. నాన్నగారు కొత్త పన్ను విధానంలో ఉంటే అసలు ఈ మినహాయింపే వర్తించదు. ముందు అది కనుక్కోండి. ఈసారి ఇచ్చేటప్పుడు బ్యాంకు ద్వారా ఇమ్మనండి.

ఇక కోశాధికారిగారూ, పద్దుల్లో తగ్గిన 12,000 సంగతి చూడండి. స్కాలర్‌షిప్ పద్దే అయి ఉంటుంది.

గజపతినగరం కోశాధికారి

అదే! మీకెలా తెలిసింది? పట్టికలో 1,22,500 ఉంది. రిజిస్టర్లో వేలు పెట్టి లెక్కపెడితే 1,34,500 వస్తోంది. రెండు వరుసలు రావడం లేదు, ఏడు వేలది ఒకటి, ఐదు వేలది ఒకటి. ఐదు వేలదాన్లో మధ్య ఖాళీ వదిలి "స్కాలర్ షిప్" అని ఉంది, అది కనబడుతోంది. ఏడు వేలది మాత్రం చూడ్డానికి అచ్చం మిగతావాటిలాగే ఉంది.

నెల్లిమర్ల మాస్టారు

తెలుగులో ఆ మాట కొట్టేటప్పుడు ర్ దగ్గర ష ఒత్తుగా మారకుండా కీబోర్డు కంటికి కనబడని ఒక గుర్తు వేస్తుంది. ఒక్కో ఫోనులో అది ఒక్కోలా పడుతుంది. మాట చివర స్పేస్ పడినా ఇదే గతి. మనకి ఒకేలా కనబడుతుంది, షీట్‌కి అవి వేర్వేరు మాటలు. కాబట్టి పద్దు పేరు ఎవరూ టైపు చేయకూడదు. Data > Data validation లో జాబితా పెట్టి LIB, SCH, WTR అని మూడు కోడ్‌లు మాత్రమే ఎంచుకోనివ్వండి. తెలుగు పేర్లు గోడ కాగితం మీద రాసుకోవచ్చు.

గజపతినగరం కోశాధికారి

అన్నీ మార్చాను. ఇప్పుడు మూడు మొత్తాలూ 3,86,500. గ్రంథాలయం 1,60,000, స్కాలర్‌షిప్ 1,34,500, నీళ్ల ప్లాంటు 92,000. ప్రింటుకి ఇచ్చేయనా?

చీపురుపల్లి బావ (డాలస్)

మూడూ కలిశాక ఇంకేం కావాలి. ఇచ్చేయండి.

నెల్లిమర్ల మాస్టారు

ఆగండి. మీరు నగదు కూడా అదే నెల బ్యాంకులో కట్టేస్తారు కదా. ఒక్కో నెల జమని పాస్‌బుక్‌తో పోల్చి చూశారా?

గజపతినగరం కోశాధికారి

ఇప్పుడే చూశాను. ఏప్రిల్ 64,000, జూన్ 78,500, జూలై 70,000 సరిపోయాయి. మే పాస్‌బుక్‌లో 92,000, మన పట్టికలో 77,000. ఆగస్టు పాస్‌బుక్‌లో 82,000, మన దగ్గర 97,000. ఒక చోట పదిహేను వేలు తక్కువ, ఇంకో చోట పదిహేను వేలు ఎక్కువ.

నెల్లిమర్ల మాస్టారు

నా భయం అదే. 05/18 అయితే షీట్ మింగలేక బయట పెట్టింది. 05/08 అయితే హాయిగా మింగేస్తుంది. తమ్ముడి లెక్కలో అది మే 8, షీట్ లెక్కలో ఆగస్టు 5. కుడివైపే ఉంటుంది, నిజమైన తేదీయే, మొత్తంలోనూ కలుస్తుంది. నెల మాత్రం తప్పు. పద్దుల పట్టికకి తేదీతో పని లేదు కాబట్టి అక్కడా దొరకదు. పట్టుకునే దారి రశీదు నంబర్లే. నంబరు పెరుగుతుంటే తేదీ వెనక్కి పోకూడదు. వరుసలు నంబర్ల ప్రకారం పెట్టి, మూడో వరుస నుంచి ఈ షరతుతో రంగు వేయండి:

```
=$B3<$B2
```

రాజాం తమ్ముడు (డాలస్)

వేశాను మాస్టారూ. రశీదు 45 ఎర్రబడింది. కానీ దాని తేదీ 9 మే. అక్క రాసిన నగదు రశీదు అది, సరిగ్గానే ఉంది.

నెల్లిమర్ల మాస్టారు

ఎర్రబడినదాని పై వరుస చూడు. 43 ఎప్పటిది, 44 ఎప్పటిది?

రాజాం తమ్ముడు (డాలస్)

43 మే 6. 44 ఆగస్టు 5. పదిహేను వేలు. దొరికింది! బ్యాంకు మెసేజ్‌లో మే 8 అనే ఉంది. మార్చేశాను, ఎరుపు పోయింది, మే 92,000 అయింది. ఇకమీదట నేను 08-May-2025 అని నెల పేరుతోనే కొడతాను.

గజపతినగరం కోశాధికారి

మంచిది తమ్ముడూ, అందరం అలాగే కొడదాం. మాస్టారూ, జూలైలో ఒకరు 20,000 పంపి, 12,000 గ్రంథాలయానికి, 8,000 నీళ్లకి అన్నారు. రశీదు 58ని రెండు వరుసలుగా రాశాను, నంబరూ తేదీ రెండింట్లోనూ ఒకటే. సరేనా?

నెల్లిమర్ల మాస్టారు

సరే. ఒక్క గడిలో రెండు పద్దులు ఇరికిస్తే ఏ సూత్రమూ విడదీయలేదు. ఎన్ని రశీదులు అని లెక్కపెట్టేటప్పుడు మాత్రం వరుసలు కాదు, నంబర్లు లెక్కపెట్టండి.

ఇప్పుడు కౌంటరు. బావగారూ, అది వద్దు. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మన ట్రస్టుకి లేదు. అమెరికాలో రిజిస్టరైన అసోసియేషన్ పంపే డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది.

చీపురుపల్లి బావ (డాలస్)

మనం మన ఊరికి పంపుకుంటే అది విదేశీ డబ్బు ఎలా అవుతుంది మాస్టారూ? ఎన్నారైలది ఫరవాలేదని నేను చదివాను.

నెల్లిమర్ల మాస్టారు

సగం నిజమే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి, తమ బ్యాంకు ద్వారా నేరుగా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది విదేశీ విరాళమే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే. కాబట్టి రిజిస్టర్లో పాస్‌పోర్టు దేశం అని ఒక కాలమ్ కలపండి, కాపీ ఒకటి ఫైల్లో ఉంచండి. హాల్లో డబ్బు తీసుకోవద్దు. ఇవ్వాలనుకునేవాళ్ల పేరూ పద్దూ రాసుకోండి, డబ్బు వాళ్లే పంపుతారు. మాట ఇచ్చింది రశీదు కాదు, ఆ పేర్లు రిజిస్టర్లోకి రాకూడదు.

చీపురుపల్లి బావ (డాలస్)

అయితే నాలాంటివాళ్లం ఏం చెయ్యాలి? పౌరసత్వం వచ్చి నాలుగేళ్లయింది. ఆ గ్రంథాలయం నేను చదువుకున్న వీధిలో కడుతున్నారు మాస్టారూ.

నెల్లిమర్ల మాస్టారు

మీ బాధ నాకు అర్థమైంది బావగారూ. ఫలానా పనికి, ఫలానా దాత నుంచి అని ముందస్తు అనుమతి అడిగే దారి చట్టంలో ఉంది. మన ట్రస్టుకి అది కుదురుతుందో లేదో ఆడిటరుగారే చెప్పాలి. నేను మాట ఇవ్వలేను.

గజపతినగరం కోశాధికారి

సోమవారం ఆడిటరుగారి దగ్గరికి నేనే వెళ్తాను, బావ. కాగితం ప్రింటుకి రేపు ఇస్తాను. ఒక్కటే మిగిలింది. జూన్ 30న మూడు వేలు పడ్డాయి, పేరు లేదు, రెఫరెన్సులో "నాన్న జ్ఞాపకార్థం" అని మాత్రమే ఉంది. రశీదు రాయలేదు కాబట్టి మన లెక్కల్లో లేదు. పాస్‌బుక్‌తో పోల్చినప్పుడు జూన్ జమ నుంచి దాన్ని పక్కన పెట్టే చూశాను. పంపింది మీలో ఎవరైనా, మీకు తెలిసినవాళ్లైనా చెప్పండి. వాళ్ల నాన్నగారి పేరుతో రశీదు రాయాలి.