దుమ్ముకు చల్లిన నీళ్లే బురదవుతుంటే ప్రణాళికలో మూడు అధ్యాయాలు దేనికి?

పునాదిరాయి:
మా సైటు 2,000 చదరపు మీటర్లు. మూడు వైపులా ఇళ్లు, నాలుగో వైపు రోడ్డు, ఒకటే గేటు, గేటు ముందే వాననీటి కాలువ. పాత కాంక్రీటు పునాదులు తీసేసి రెండు సెల్లార్లు తవ్వాలి. పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో దుమ్ము, శబ్దం, నీటి పారుదల అని మూడు అధ్యాయాలు విడివిడిగా రాసి ఇచ్చారు. మొదటిది రోజుకు నాలుగుసార్లు ట్యాంకరుతో నీళ్లు చల్లమంటుంది, మూడోది బురదనీరు గేటు దాటకూడదంటుంది. మూడింటినీ కలిపి పనుల వారీగా తిరగరాయమని అడగనా, ఇలాగే ఉండనివ్వనా?

గట్టుమేస్త్రి:
తిరగరాయడం దేనికండీ! నీళ్లు చల్లడం మానితే మర్నాడే ఇరుగుపొరుగు గేటు దగ్గరికి వస్తారు. చల్లండి, చల్లిన నీళ్లు తొట్టిలోకి పోయేలా వాలు పెట్టండి. తొట్టి మాత్రం లోతుగా తవ్వండి, మూడు మీటర్లయినా ఉండాలి. లోతు ఎక్కువైతే మట్టి అడుగుకు పోయి అక్కడే పడి ఉంటుంది, పైన తేరిన నీళ్లు కాలువలోకి పోతాయి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే ఇది.

చెమ్మనేల:
మేస్త్రిగారూ, వాలు పెట్టమన్నది సరైన మాటే. మిగతా రెండింటితో నాకు పేచీ ఉంది.

ముందు నీళ్ల సంగతి. ట్యాంకరులో 4,000 లీటర్లు ఉంటాయనుకుందాం. టిప్పర్లు తిరిగే నేల 800 చదరపు మీటర్లు. ఒక్కసారి చల్లితే చదరపు మీటరుకు 5 లీటర్లు పడతాయి, నాలుగుసార్లకు 20 లీటర్లు. చదరపు మీటరు మీద లీటరు అంటే ఒక మిల్లీమీటరు వాన. అంటే ప్రణాళిక ఆ నేల మీద రోజూ 20 మిల్లీమీటర్ల వాన కురిపించమంటోంది! ఎండలో కొంత ఆవిరైపోతుంది, మిగిలింది మట్టిని పిండిలా కలిపేస్తుంది. టిప్పరు ఆ ముద్దను టైర్లకు పూసుకుని రోడ్డెక్కుతుంది. గంటలో అది ఎండుతుంది, వచ్చేపోయే బస్సులు దాన్ని పొడి చేసి లేపుతాయి. దుమ్ము తగ్గలేదు, గేటు అవతలికి మారింది. దుమ్ము కొలిచే మీటరు వెనక గోడకు తగిలించి ఉంటుంది కాబట్టి అంకెలు మాత్రం ముచ్చటగా ఉంటాయి.

మా సైట్లలో నేను చూసినంతవరకు నేల రంగు మారేంత తడి చాలు, విడతకు చదరపు మీటరుకు లీటరు, మహా అయితే లీటరున్నర. ఎన్నిసార్లు అన్నది గడియారం చెప్పకూడదు, ఎండా గాలీ చెప్పాలి. మబ్బు పట్టిన రోజు ఒక్కసారైనా అక్కర్లేకపోవచ్చు, వడగాలి రోజు ఆరుసార్లయినా చాలకపోవచ్చు. ఎక్కువ చల్లారో లేదో తెలుసుకోవడానికి పరికరం కూడా అక్కర్లేదు. గేటు బయట నిలబడి టైరు ముద్రలు ఎంత దూరం పోయాయో అడుగులు లెక్కపెట్టండి.

ఇక తొట్టి. మట్టి రేణువు నిలవడం తొట్టి లోతును బట్టి కాదు, పైనుంచి చూస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న తొట్టిలోకి గోతి నీళ్లు తోడే పంపు సెకనుకు 10 లీటర్లు తోస్తోందనుకోండి. ఆ 10 లీటర్లను 2 చదరపు మీటర్లతో భాగిస్తే సెకనుకు 5 మిల్లీమీటర్లు వస్తుంది. అంతకన్నా నిదానంగా దిగే రేణువుల్లో చాలా భాగం నీళ్లతో పాటే బయటికి పోతుంది. నిలిచేది ఇసుక ఒక్కటే. 20 మైక్రాన్ల ఒండ్రు రేణువు సెకనుకు మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ దిగుతుంది, అంతే. లోతు రెట్టింపు చేస్తే నీరు రెట్టింపు సేపు ఉంటుంది, నిజమే, కానీ రేణువు దిగాల్సిన దూరమూ రెట్టింపవుతుంది. లోతు వల్ల లాభం వేరే ఉంది: అడుగున పూడిక దాచుకోవచ్చు, ప్రవాహం దాన్ని మళ్లీ లేపదు.

ఫైలుమనిషి:
లెక్కలు బాగున్నాయి. అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. నేను ఇలాంటి ప్రణాళికలను పరిశీలించే వైపు కూర్చుంటాను. మూడు అధ్యాయాలు విడిగా ఉండటానికి కారణం ఉంది. తనిఖీకి వచ్చినవాడు దుమ్ము మీటరు అంకె ఒకటి, డెసిబెళ్ల అంకె ఒకటి, బయటికి పోయే నీటి నమూనా ఒకటి చూస్తాడు. ఒక్కోదానికి పరిమితి వేరు, కొలిచే పద్ధతి వేరు, దాటితే బాధ్యుడు వేరు. అన్నీ కలగలిపి పనుల వారీగా రాసిన ప్రణాళిక ఒకటి నా దగ్గరికి వచ్చింది. 'టిప్పరు' అన్న మాట ముప్పై చోట్ల ఉంది, శబ్ద పరిమితి ఎంతో ఎక్కడా లేదు. అలాంటిదాన్ని నేను వెనక్కి పంపక ఏం చేస్తాను?

నాలుగో అంతస్తు:
అయ్యా, నేను ఇంజనీరును కాను. అధ్యాయాల సంగతి నాకు తెలియదు. మా పక్క సైటులో రాయి పగలగొట్టే యంత్రం పొద్దున్నుంచి మోగుతోంది. ఫిర్యాదు చేస్తే మూడు మీటర్ల ఎత్తున రేకులు కట్టారు. మా కింది వాటావాళ్లు కాస్త నయమంటున్నారు. మాకు ఏమీ మారలేదు. పైగా రాత్రంతా పంపు నడుస్తోంది. ప్రణాళికలో రాత్రి శబ్దం చేయకూడదని ఉంటుంది కదా, పంపును ఎవరూ ఎందుకు ఆపరు?

చెమ్మనేల:
మీరు అడిగింది ఈ చర్చకు బయటిదేమీ కాదండీ, నిజానికి ఇదే అసలు ఉదాహరణ.

రేకు పని చేసేది యంత్రానికీ చెవికీ మధ్య అడ్డు నిలిచినప్పుడే. చూపు తెగితే 5 డెసిబెళ్లు తగ్గుతుంది, యంత్రం బాగా మరుగునపడితే 10 దాకా. మీ కిటికీలోంచి యంత్రం కనబడుతోందా? కనబడితే ఆ రేకు మీకు లేనట్టే. రేకు కింద బెత్తెడు సందు వదిలినా, రేకు మరీ పలుచనైనా కిందివాళ్లకు కూడా ఆ లాభం దక్కదు. అడ్డు యంత్రానికి దగ్గరగా, పైకప్పుతో సహా ఉండాలి, లేదా పద్ధతే మార్చాలి.

రాత్రి పంపు ఆగకపోవడానికి కారణం కూడా చెప్తాను. ఆపితే గోతిలో నీరు నిండుతుంది, గోడల పక్కన మట్టి జారే ప్రమాదం. నీటి అధ్యాయం రాసినవారు పంపు నడవాలన్నారు, శబ్దం అధ్యాయం రాసినవారు పంపు గురించి ఆలోచించనే లేదు. డీజిల్ పంపు బదులు కరెంటుతో నడిచే, నీటిలో మునిగి ఉండే పంపు పెడితే మీకు నిద్ర పడుతుంది. ఆ ఒక్క వాక్యం ఏ అధ్యాయంలో రాయాలి? ఫైలుమనిషిగారే చెప్పాలి.

పునాదిరాయిగారి సైటులోనూ ఇదే వస్తుంది. పాత పునాదులు బ్రేకరుతో కొడితే పది మీటర్ల దూరంలో 85 నుంచి 90 డెసిబెళ్లు. శబ్దం అధ్యాయం చక్కగా, బ్రేకరు వద్దు, డైమండ్ వైరు రంపంతో కోసి ముక్కలు ఎత్తండి అంటుంది. మంచి సలహా, నేనూ అదే చెప్తాను. కానీ రంపానికి నీళ్లు పోస్తూనే ఉండాలి. అక్కడ బూడిద రంగు పాలలా కారుతుంది, చూసే ఉంటారు. అది మామూలు బురద కాదు. సిమెంటు క్షారం కలిసి పీహెచ్ 11, 12 దాకా వెళ్తుంది. తొట్టిలో ఎంతసేపు నిలబెట్టినా గుండ అడుగుకు చేరుతుంది, క్షారం నీళ్లలోనే ఉంటుంది. తేటగా కనబడే ఆ నీళ్లే కాలువలో చేపలను చంపుతాయి, కూలీల చేతులను కాలుస్తాయి. అందుకే కోత దగ్గరే వాక్యూమ్‌తో పీల్చి విడి డ్రమ్ముల్లో పట్టాలి, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్‌తో గానీ ఆమ్లంతో గానీ తటస్థం చేయాలి. నీటి అధ్యాయం రాసినవారికి రంపం వస్తుందని ఎవరు చెప్పారు?

గట్టుమేస్త్రి:
రంపం నీళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను, మా కుర్రాడికి అరికాళ్లు పుండ్లు పడ్డాయి ఒకసారి. అది మట్టి వల్ల అనుకున్నాం. తొట్టి మాట మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు. వైశాల్యం కావాలంటారు, సైటులో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ పెట్టమంటారు?

చెమ్మనేల:
అదే చిక్కు. ఏటవాలు పలకలు పేర్చిన తొట్టి దొరికితే తెచ్చుకోండి, ఒక్కో పలక విడి తొట్టి అడుగుభాగంలా పనిచేస్తుంది కాబట్టి చిన్న చోటులోనే వైశాల్యం పెరుగుతుంది. దొరకకపోతే చిన్న పంపు పెట్టండి. సెకనుకు 10 లీటర్లు బదులు 2 లీటర్లు తోడితే అదే తొట్టి 30, 35 మైక్రాన్ల రేణువును కూడా పట్టుకుంటుంది. ఆ మిగిలిన నీరు ఆగడానికి గోతిలోనే ఒక మూల పల్లంగా వదలాలి. బంకమట్టి అయితే ఇవేవీ చాలవు. 2 మైక్రాన్ల రేణువు ఒక మీటరు దిగడానికి మూడు రోజులు దాటుతుంది. ముందు గాజు సీసాతో చూడండి: పంపు నోటి దగ్గర నీళ్లు పట్టి కదలకుండా పెట్టండి. గంటలో పైన తేరితే తొట్టి చాలు. మర్నాటికీ టీలా ఉంటే రేణువులను గడ్డకట్టించే మందు వేయక తప్పదు, మోతాదు కూడా సీసాల్లోనే తేల్చుకోవాలి.

ఫైలుమనిషి:
నన్ను అడిగారు కాబట్టి చెప్తున్నాను. మూడు అధ్యాయాలూ ఉంచండి, పరిమితులూ కొలతలూ వాటిలోనే ఉండనివ్వండి. ముందు ఒక పట్టిక చేర్చండి: పునాదుల కోత, తవ్వకం, టిప్పర్లు, పంపులు, కాంక్రీటు పోత, ఐదే వరుసలు. ప్రతి వరుసలో దుమ్ముకు ఏం చేస్తాం, దానివల్ల నీటికి ఏమవుతుంది, శబ్దానికి ఏమవుతుంది. వైరు రంపం, పంపు రెండూ అక్కడికి వస్తాయి. నేనైతే ఆమోదిస్తాను.

చెమ్మనేల:
పట్టిక మంచిదే. గొడవ వచ్చినప్పుడు ఏది గెలుస్తుందో కూడా అందులో రాయాలి. వడగాలి రోజు, తొట్టి నిండింది, దుమ్ము లేస్తోంది: నీళ్లు చల్లాలా, తవ్వకం ఆపాలా? నా మాట, తవ్వకం ఆపాలి. ఆ అధికారం సైటులో ఉన్న మనిషికి రాసివ్వకపోతే మీ పట్టిక గోడకు వేలాడుతుంది, టిప్పరు తిరుగుతూనే ఉంటుంది.

ఫైలుమనిషి:
పని ఆపే అధికారం ఒప్పందంలో ఉండాల్సిన మాట, ఈ ప్రణాళికలో రాస్తే చెల్లదని గుత్తేదారు వాదిస్తాడు. అక్కడ మీతో ఏకీభవించలేను.

పునాదిరాయి:
పట్టిక అడుగుతూ ఉత్తరం రాశాను. ఈలోగా రెండు పనులు చేశాను. ట్యాంకరు కుళాయి సగం మూయించి, నేల తెల్లబడితేనే చల్లమన్నాను. నిన్నటిదాకా టైరు ముద్రలు గేటు బయట నలభై అడుగులు పోయేవి, ఈరోజు పదిహేను. గోతి నీళ్లు సీసాలో పట్టి పొద్దున ఎనిమిదింటికి కిటికీలో పెట్టాను. ఇప్పుడు సాయంత్రం ఆరు. అడుగున వేలెడు ఇసుక చేరింది, పైన ఇంకా చిక్కటి టీలాగే ఉంది. పటిక వాడవచ్చునా? అది వేస్తే పీహెచ్ పడిపోతుందని ఒకరు, రంపం నీళ్లు కాస్త కలిస్తే సరిపోతుందని ఇంకొకరు అంటున్నారు. రెండో మాట నాకు భయంగా ఉంది.

చెమ్మనేల:
భయపడటమే సరైనది. రెండూ కలపకండి, రంపం నీళ్లు ఏ రోజు ఎంత వస్తాయో ఎవరికీ తెలియదు. పటిక విడిగా నాలుగు సీసాల్లో నాలుగు మోతాదులు వేసి చూడండి, ప్రతిదానిలో పీహెచ్ కాగితం ముంచి రంగు రాసి పెట్టండి. మట్టి ఏ లోతు నుంచి వచ్చిందో కూడా రాయండి, రెండో సెల్లారు దగ్గరికి వెళ్లేసరికి ఈ మోతాదు మారిపోవచ్చు.