అప్‌డేట్: ఇంట్లోనే మొదటి పుట్టినరోజు ఫొటోలు

నా ప్రశ్న: "బాబు ఒక్క క్షణం కుదురుగా కూర్చోడు. హాల్లోనే కేక్, డెకరేషన్ పెట్టి ఫోన్‌తో మంచి ఫొటోలు తీయడం ఎలా?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఫొటోలు బాగా వచ్చాయి.

అన్నిటికంటే పనికొచ్చింది టైమింగ్. సాయంత్రం చుట్టాలు వచ్చాక కాకుండా, బాబు పొద్దుటి నిద్ర లేచి, తిన్న వెంటనే మొదలుపెట్టాం. సెట్టింగంతా వాడు పడుకున్నప్పుడే సిద్ధం చేశాం. ఆ టైమ్‌లో కిటికీ వెలుతురు కూడా బాగుంటుంది. వాడికి కిటికీ పక్కకు వచ్చేలా పీట వేసి, ఎండ నేరుగా పడకుండా తెల్ల కర్టెన్ లాగాం. కిటికీ వాడి వెనక ఉంటే ముఖం నల్లగా వస్తుంది. వెలుతురు తక్కువైతే చేతులు కదిలినప్పుడల్లా ఫొటో మసకబారుతుంది, ఫ్లాష్ వేస్తే వాడు కళ్లు మూసేస్తాడు.

వెనక గోడకు అమ్మ పాత పట్టుచీర కట్టాం. పీటను గోడకు మూడడుగులు ముందు వేశాం కాబట్టి చీర చేతికందలేదు, ఫొటోలో నీడా పడలేదు. బెలూన్లు పైనే కట్టాం. పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది, అందుకే నేలమీద ఒక్కటీ వదల్లేదు.

కేక్ చివర్లోనే తెచ్చాం. ముందు కొత్త బట్టల్లో, తాతయ్య ఒళ్లో ఫొటోలు అయ్యాక, వెలిగించని కొవ్వొత్తితో చిన్న కేక్ ముందు పెట్టాం. చెయ్యి క్రీములోకి వెళ్లిన క్షణం నుంచి బర్స్ట్ మోడ్‌లో, అంటే వరసగా ఆపకుండా ఫొటోలు పడేలా తీశాను. ఫోన్‌ను వాడి కళ్ల ఎత్తుకు దించి, నేలమీద పడుకుని తీసినవే అన్నిటికంటే బాగున్నాయి.