కొత్త గోధుమపిండి బ్రాండ్‌కు డీలర్ స్కీమ్: ప్రకటించే ముందు సలహా కావాలి

నమస్కారం. మాది చిన్న గోధుమపిండి మిల్లు. 5 కిలోల ప్యాకెట్లు ఆరు కలిపి 30 కిలోల బస్తాగా డీలర్లకు 1,080 రూపాయలకు ఇస్తున్నాం. వచ్చే నెల హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్‌లోకి వెళ్తున్నాం. అక్కడ ప్రకటించాల్సిన స్కీమ్ దగ్గరే ఆగిపోయాను.

ఖమ్మంలో ముందుగా ఒక నెల చేసి చూశాం. నెలకు 100 బస్తాలు ఎత్తితే 1 శాతం, 300 దాటితే 3 శాతం క్రెడిట్ నోట్ అన్నాం. ఒక డీలరు నెలాఖరు మూడు రోజుల్లోనే 310 బస్తాలు ఎత్తారు. ఆయనకు బస్తాకు 32.40 వచ్చింది. అందులో 20 రూపాయలు వదులుకుని, మన రేటు కంటే తక్కువకే హోల్‌సేల్‌లో దించేశారు. దాంతో మిగతా ఇద్దరు డీలర్ల సరుకు కదల్లేదు. పిండి ఎక్కువ రోజులు ఉంటే పురుగు పడుతుంది, చివరికి రిటర్న్‌లు మాకే వచ్చాయి. తప్పు ఆయనది కాదు, మా స్కీమ్‌దే అనిపిస్తోంది.

ఈసారి 1 శాతం ఎత్తిన సరుకుకు, 2 శాతం కిరాణా షాపులకు వేసిన బిల్లులకు ఇద్దామనుకుంటున్నాను. నెల మొదటి స్టాకుకు ఎత్తింది కలిపి, చివరి స్టాకు తీసేస్తే అమ్మింది తెలుస్తుంది కదా.

కానీ హోల్‌సేల్ వ్యాపారులు షాపుల బిల్లులు చూపిస్తారా? చూపించకపోతే వారం వారం టార్గెట్ పెట్టడం మేలా? డీలర్లకిచ్చే స్కీమ్ లెటర్‌లో ఈ షరతులు ఎలా రాయాలి? ఈ లైన్‌లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.