చార్టులో ఉన్నది మాత్రమే చెప్పాలా, దాని భావం కూడా చెప్పేయాలా?

ఎకనామిక్స్ మేడమ్:
డిగ్రీ క్లాసులో ఇద్దరు చూపులేని పిల్లలున్నారు. వాళ్లకు ముందుగా పంపే స్లయిడ్లలో దేశ అక్షరాస్యత గ్రాఫు ఉంది: 1951 నుంచి 2011 దాకా పురుషులకు నీలం గీత, స్త్రీలకు నారింజ గీత. బొమ్మకు బదులుగా స్క్రీన్ రీడర్ చదివి వినిపించే ఆల్ట్ టెక్స్ట్‌లో అంకెలు మాత్రమే ఇవ్వాలా, “తేడా తగ్గింది” లాంటి మాట కూడా రాయాలా?

పీపీటీ ప్రసాద్:
ఆల్ట్ టెక్స్ట్ 125 అక్షరాలు దాటకూడదండీ, దాటితే స్క్రీన్ రీడర్ మధ్యలో కోసేస్తుంది. “అక్షరాస్యత లైన్ చార్టు, రెండు గీతలూ పెరుగుతున్నాయి” అంటే చాలు. రంగుల పేర్లు అస్సలు వద్దు, చూడలేనివాళ్లకు నీలమైతేనేం, నారింజైతేనేం. మొదటి ముక్క “చిత్రం” అని మొదలుపెట్టకండి, రీడర్ ఆ మాట తనే చెబుతుంది.

చెవిచదువరి:
ప్రసాద్ గారి చివరి మాట కరెక్టే. “లైన్ చార్టు” అని మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఏ రకం చార్టో రీడర్‌కు తెలియకపోవచ్చు. 125 అనేది నియమం కాదు. వెబ్ ప్రమాణాల్లో అలాంటి హద్దు లేదు. పొడుగు తగ్గించమనడానికి అసలు కారణం వేరే ఉంది. ఆల్ట్ టెక్స్ట్ ఒక్క ఊపులో చెవిలో పడిపోతుంది. మధ్యలో ఆపి రెండు మాటలు వెనక్కి వెళ్లి వినడం పేరాలో ఉన్నంత సుళువు కాదు. ఈ గ్రాఫులో ఏడు జనగణనలు, రెండు గీతలు, మొత్తం పద్నాలుగు అంకెలు. పద్నాలుగూ వరసగా చదివేస్తే ఐదోది వచ్చేసరికి మొదటిది జారిపోతుంది.

రంగు విషయం కూడా అంతే. క్లాసులో మేడమ్ “ఈ నారింజ గీత చూడండి” అంటారు కదా, అప్పుడు ఆ పిల్లకు నారింజ ఎవరిదో తెలిసి ఉండాలి. నోటితో వాడే రంగు పేరు ఆల్ట్‌లో ఉండాల్సిందే.

ఇక మేడమ్ గారి ప్రశ్న. “రెండూ పెరుగుతున్నాయి” అన్నది నిజమే గానీ ఈ గ్రాఫు చెప్పే అసలు కథ రెండు గీతల మధ్య ఖాళీ. 1951లో పురుషులు 27.2 శాతం, స్త్రీలు 8.9, తేడా 18.3. 1981లో 56.4, 29.8, తేడా 26.6. 2011లో 80.9, 64.6, తేడా 16.3. చూపున్న పిల్లవాడు ఆ ఖాళీ వెడల్పై మళ్లీ సన్నబడటం ఒక్క చూపులో పట్టేస్తాడు. వట్టిగా “తేడా తగ్గింది” అని రాస్తే సగం కథే వినిపిస్తుంది. నేనైతే ఇలా రాస్తాను:

“లైన్ చార్టు. 1951 నుంచి 2011 వరకు ఏడు జనగణనల్లో దేశ అక్షరాస్యత శాతం. నీలం గీత పురుషులది, 27.2 నుంచి 80.9కి పెరిగింది. నారింజ గీత స్త్రీలది, 8.9 నుంచి 64.6కి పెరిగింది. వాటి మధ్య తేడా 18.3 నుంచి పెరిగి 1981లో 26.6 అయింది, ఆ తర్వాత తగ్గుతూ 2011లో 16.3కి వచ్చింది. అన్ని అంకెలూ తర్వాతి స్లయిడులోని పట్టికలో.”

ఆ పట్టిక బొమ్మగా కాకుండా నిజమైన టేబుల్‌గా ఉండాలి. అదే పట్టిక వర్డ్ ఫైల్లో కూడా ఇస్తే Ctrl+Alt+కింది బాణంతో ఒకే నిలువు వరసలో గడి గడికీ దిగొచ్చు.

లెక్కల మాస్టారు:
దీనికి నేను ఒప్పుకోను. మేడమ్ క్లాసులో గ్రాఫు వేసి “మీకేం కనిపిస్తోంది?” అని అడిగితే ముప్ఫై మంది ఆలోచిస్తారు, ఆ ఇద్దరికి జవాబు చెవిలో ముందే చెప్పేసినట్టవుతుంది. గ్రాఫు చదవడమే అక్కడి పాఠం. 2021లో ఎంఐటీ పరిశోధకులు చూపులేని 30 మందినీ చూపున్న 90 మందినీ అడిగిన అధ్యయనం ఒకటుంది. సందర్భం కలిపి, కారణాలు కలిపి చెప్పే వాక్యాలు చూపున్నవాళ్లకు నచ్చాయి గానీ, చూపులేనివాళ్లలో ఎక్కువమంది వాటిని తక్కువ ఉపయోగంగా లెక్కించారు. తీర్పు మేమే చేసుకుంటాం అన్నది వాళ్ల మాట.

పైగా మీ వాక్యంలోనే ఒక చిక్కుంది. తేడా నేరుగా పెరగలేదు. 1961లో 25 ఉన్నది 1971లో 24కి తగ్గి, 1981లో మళ్లీ పెరిగింది. ఇంకోటి, 1971 దాకా లెక్క అయిదేళ్లు దాటినవాళ్లది, 1981 నుంచి ఏడేళ్లు దాటినవాళ్లది. కొలబద్దే మారినచోట “1981లో గరిష్ఠం” అని మీరు తేల్చేస్తున్నారు.

చెవిచదువరి:
1971 తగ్గుదల నేను వదిలేశాను మాస్టారూ, అది నా తప్పే. “పెరిగి” బదులు “ఒడిదుడుకులతో పెరిగి” అనాలి. వయసు మార్పు గ్రాఫు కింద ఫుట్‌నోట్‌గా అచ్చయి ఉంటే అందరికీ అక్కడే తెలియాలి, ఆల్ట్‌లో ఒకరికే కాదు.

కానీ ఆ అధ్యయనాన్ని పూర్తిగా చెప్పండి. గరిష్ఠం, కనిష్ఠం, పోలిక, పెరుగుదల తీరు చెప్పే వాక్యాలను చూపులేనివాళ్లు పైన పెట్టారు. వద్దన్నది “ఆడపిల్లల బడులు పెరగడం వల్ల” లాంటి బయటి కారణాలను. ఖాళీ వెడల్పవడం కారణం కాదు, గీతల్లోనే ఉంది.

జవాబు ముందే చెప్పకూడదంటే ఒక దారుంది. ఆ స్లయిడుకు “ఏ గీత ఎవరిది, ఏ ఏళ్లు, అక్షం 0 నుంచి 100” వరకే రాసి, పట్టిక ఇవ్వండి. తేడా వాక్యం చర్చ తర్వాతి స్లయిడులో పెట్టండి. ఒకటి గుర్తుంచుకోండి, అప్పుడు ఆ పిల్లలు ఏడు తీసివేతలు మనసులో చేయాలి. పక్కవాడికి ఆ పని లేదు.

విజయవాడ రమ:
నాదీ ఇదే సమస్యండీ, కాకపోతే ఫ్లోచార్టు. రేషన్ కార్డు దరఖాస్తు ఎలా కదులుతుందో పదకొండు డబ్బాలు. ప్రతి డబ్బాకూ ఆల్ట్ రాశాను, అయినా రీడర్ “Straight Arrow Connector 12” అంటోంది, వరస కూడా తలకిందులుగా వస్తోంది.

చెవిచదువరి:
అమ్మా, అక్షరాలున్న డబ్బాకు ఆల్ట్ అక్కర్లేదు, లోపలి మాట రీడర్ ఎలాగూ చదువుతుంది. బాణాలను ఎంచుకుని View Alt Textలో Mark as decorative టిక్ పెట్టండి. వరస కోసం Alt+F10 నొక్కితే Selection Pane వస్తుంది. అందులో అట్టడుగున ఉన్నదే మొదట చదవబడుతుంది, అందుకే మీకు తలకిందులు. అన్నీ సర్దినా కొమ్మలు మాత్రం పోతాయి, “కాదు” అన్న బాణం ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పరు. అందుకని బొమ్మ కింద అంకెలేసిన మెట్లు రాయండి: “4. ఆధార్ సరిపోయిందా? అవునైతే 5కు, కాకపోతే 2కు.” మెట్లు అలా రాశాక బొమ్మకు “కింది మెట్లే బొమ్మగా” అంటే సరిపోతుంది.

పీపీటీ ప్రసాద్:
125 సంగతి ఒప్పుకున్నాను. ఇంకొకటి, పంపేది పీడీఎఫ్ అయితే “Microsoft Print to PDF” వాడకండి, రాసిన ఆల్ట్ అంతా పోతుంది. Save As లో PDF ఎంచుకుని, Options లో Document structure tags for accessibility టిక్ ఉందో లేదో చూడండి.

ఎకనామిక్స్ మేడమ్:
పట్టిక, రంగులు ఇవాళే పెడుతున్నాను. క్లాసులో “ఇక్కణ్నుంచి ఇక్కడికి” అని వేలు చూపించే అలవాటు మానేసి, “1951 నుంచి 1981కి” అంటాను. తేడా వాక్యాన్ని చర్చ తర్వాతి స్లయిడుకు మారుస్తున్నాను. పరీక్షలో ఇదే గ్రాఫు ఇస్తే ఏం చేయాలి?

లెక్కల మాస్టారు:
పరీక్షలో పట్టికే, వాక్యం లేదు.

చెవిచదువరి:
పట్టికే అయితే టైము ఎంత ఎక్కువిస్తారో కూడా అప్పుడే చెప్పండి మాస్టారూ. ఏడు తీసివేతలకు.