పిల్లి కాళ్లు మడిచి ముద్దగా పడుకుంటే హాయిగా ఉన్నట్టేనా, బాధను దాచుకుంటున్నట్టా?

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

మా ఇంట్లో కర్రిగాడు అనే నల్లని మగపిల్లి ఉన్నాడు. వాడికి నాలుగేళ్లు ఉంటాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు కాబట్టి రాత్రిళ్లు గోడలు దూకి వీధులన్నీ తిరిగి తెల్లవారుజామున ఇంటికి వస్తాడు. ఎండాకాలమంతా హాల్లో గచ్చు మీద కాళ్లు వదిలేసి వెల్లకిలా పడుకోవడం, చలి మొదలయ్యాక మడతమంచం మీది దుప్పటిలో చుట్టలా చుట్టుకొని ముక్కును తోక కింద పెట్టుకోవడం వాడి అలవాటు. ఈ వారం మాత్రం ఆ రెండూ మానేసి, బియ్యం డ్రమ్ము వెనుక గోడవైపు తిరిగి, నాలుగు కాళ్లూ ఒంటి కిందికి తీసుకొని కూర్చున్నట్టుగానే కళ్లు మూసుకుంటున్నాడు. ఇలా ముద్దగా కూర్చున్న పిల్లిని ఫోనులో లోఫ్, అంటే రొట్టెముద్ద, అని చూపించే ప్రతి బొమ్మ కిందా అది హాయికి గుర్తని రాసి ఉంది. చలివల్లే అలా ముడుచుకుంటున్నాడని ఇంట్లోవారు అంటున్నారు. నాకు మాత్రం సందేహం తీరడం లేదు. పిల్లులను ఏళ్ల తరబడి చూసినవారు ఏమంటారు?

మేడమీది పిల్లులు, బొబ్బిలి

మీరు అనవసరంగా కంగారు పడుతున్నారండి. మా మూడు పిల్లులూ పిట్టగోడ మీద రోజూ అలాగే కూర్చొని కునుకు తీస్తాయి. వెల్లకిలా పడుకుంటే మనల్ని పూర్తిగా నమ్మినట్టు, చుట్టుకొని పడుకుంటే చలివేస్తున్నట్టు, కాళ్లు మడిచి కూర్చుంటే స్థిమితంగా ఉన్నట్టు అని నేను లెక్క వేసుకుంటాను. పొట్ట చూపించి పడుకున్నప్పుడు నిమిరితే మరింత మచ్చిక అవుతాయి కూడా.

రాజాం కుర్రాడు

మా పిల్లి కూడా మంచం వదలదు. రాత్రి తలగడ పక్కకు రాకుండా ఉండాలంటే గదిలో వేరే గోనెపట్టా వేసి, దాని మీద మన పాత చొక్కా ఒకటి పరవండి. వాసన గుర్తుపట్టి అక్కడే పడుకుంటుంది.

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

తమ్ముడూ, మావాడు మంచం మీదికి రావడం మానేశాడన్నదే నా బాధ.

పాత కాంపౌండరు, శ్రీకాకుళం

పశువుల ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి విరమించినవాడిని కాబట్టి రెండు మాటలు రాస్తున్నాను. బొబ్బిలి వారు చెప్పినదానిలో సగం సరైనదే. కానీ భంగిమకు పేరు పెట్టగానే అర్థం తేలిపోదు. ఒకే ముద్ద ఆకారంలో రెండు రకాల పిల్లులు కనిపిస్తాయి. స్థిమితంగా ఉన్న పిల్లి ముందుకాళ్లను ఛాతీ కిందికి మడిచి వాటి మీద బరువు వదిలేస్తుంది. పాదాలు మనకు కనిపించవు, వీపు నున్నగా ఉంటుంది, మెడ తేలికగా నిలబడి ఉంటుంది, పిలిస్తే చెవి ఒకటి మనవైపు తిరుగుతుంది. నొప్పితో ఉన్న పిల్లి ముందుపాదాలను నేలకు ఆనించి ఉంచి, బరువు పూర్తిగా వదలకుండా, వీపును గూనిగా పైకెత్తి, తలను భుజాల కన్నా కిందికి దించుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నేల మీద కూర్చొని, పిల్లి కళ్ల ఎత్తు నుంచి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఇంకొక సంగతి ఉంది. పిల్లి మూతి, మీసాలు, పాదాలు చిన్నగా అదిరే కలల నిద్రలోకి వెళ్లినప్పుడు మెడ కండరాల పట్టు పూర్తిగా సడలిపోతుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జువే అనే శాస్త్రవేత్త పిల్లుల మీదే ఈ విషయాన్ని పరిశీలించారు. కాబట్టి తల నిలబెట్టుకొని ముద్దగా కూర్చున్న పిల్లి తేలిక కునుకులో మాత్రమే ఉండగలదు. రోజులో కొంతసేపు అలా కూర్చుంటే ఏమీ అనుకోనక్కరలేదు. పక్కకు ఒరిగి పడుకోవడం, చుట్టుకొని పడుకోవడం, వెల్లకిలా పడుకోవడం మూడూ మానేసి రోజంతా అలాగే ఉంటే మాత్రం, దానికి ఒళ్లు వదిలేసి నిద్రపోయే వీలు లేకుండా ఏదో అడ్డుపడుతోందని నేను అనుకుంటాను.

ఇప్పుడు నాకు మూడు విషయాలు చెప్పండి. మూత్రం పోస్తున్నాడా? మగపిల్లి ఇసుక తొట్టెలో మాటిమాటికీ కూర్చొని, ముక్కుతూ, చుక్క కూడా పోయకపోతే రేపటిదాకా ఆగకూడదు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. మేత ఎలా తింటున్నాడు? నిద్రలో ఉండగా పొట్ట పైకీ కిందికీ ఒకసారి కదిలితే ఒక శ్వాసగా లెక్కపెట్టి, నిమిషానికి ఎన్ని వస్తున్నాయో చూడండి. 30 లోపు ఉండాలి.

మేడమీది పిల్లులు, బొబ్బిలి

ఇది చలి ముడుచుకోవడం కాదని ఎలా చెబుతారు? ఉదయం మా ఊళ్లో పొగమంచు తీయడం లేదు.

పాత కాంపౌండరు, శ్రీకాకుళం

చలి సంగతి కొట్టిపారేయలేనిదే. ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి గాని, చల్లబరచుకోవడానికి గాని అదనంగా శ్రమపడనక్కరలేని గాలి వేడి పిల్లికి సుమారు 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అందువల్ల మనకు హాయిగా ఉండే డిసెంబరు సాయంత్రం కూడా పిల్లికి చల్లగానే ఉంటుంది. అయితే చలివేసిన పిల్లి ఏం చేస్తుందో చూడండి. దుప్పటి, పొయ్యిగట్టు, ఎండ పడే అరుగు వెతుక్కొని వెళ్లి, గాలికి ఒళ్లు తక్కువగా తగిలేలా చుట్టుకుంటుంది. కర్రిగాడు మాత్రం అందుబాటులో ఉన్న దుప్పటిని వదిలి చల్లని గచ్చు మీద, చీకటి మూలలో, గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. చలి కారణమైతే ఈ ఎంపికకు అర్థం లేదు. ఎండాకాలంలో వెల్లకిలా పడుకోవడంలో కూడా నమ్మకంతో పాటు, పొట్ట మీద వెంట్రుక పలుచగా ఉండడంవల్ల వేడి తేలికగా పోవడం అనే లాభం ఉంది. రోహిణి కార్తెలో నమ్మకం లేని వీధిపిల్లి కూడా నీడ దొరికితే అలా పడిపోతుంది.

పొట్ట నిమరడం గురించి మాత్రం గట్టిగా వారిస్తున్నాను. పొట్ట చూపించడం తాకమని పిలవడం కాదు. నాలుగు కాళ్లతో చేతిని పట్టి కరిచే పిల్లులను ఎన్నో చూశాను. కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకా కోసం వెళ్లాలి.

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

మీరు చెప్పినట్టు నేల మీద కూర్చొని చూశాను. ముందుపాదాలు మడిచి లేవు. వేళ్లు నేలకు ఆని కనిపిస్తున్నాయి. తల కిందికి వాలి ఉంది. మూత్రం మామూలుగానే పోస్తున్నాడు, ఇసుకలో తడి గడ్డలు ఎప్పటిలా కనిపిస్తున్నాయి. చేప కలిపిన అన్నం పెడితే వాసన చూసి రెండు ముద్దలు తిని వదిలేస్తున్నాడు. శ్వాస నిమిషానికి 28 వచ్చింది. వీపు నిమురుతుంటే ఊరుకున్నాడు గాని, తోక మొదలు దగ్గరికి చెయ్యి రాగానే గుర్రుమని లేచి వెళ్లిపోయాడు. కళ్లు సగం మూసుకొని ఉంటున్నాడు, అది నిద్రమత్తో మరేమిటో నాకు అర్థం కావడం లేదు.

పాత కాంపౌండరు, శ్రీకాకుళం

నిద్రలో ఉన్నప్పుడు ముఖాన్ని చూసి నిర్ణయించకూడదు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో పిల్లి ముఖాన్ని బట్టి నొప్పిని కొలిచే పద్ధతిని ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఉన్న ఎత్తు అనే ఐదింటికి ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు మార్కులు వేస్తారు. పదికి నాలుగు గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే నొప్పికి మందు కావాలని అర్థం. కాని పిల్లి నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాకుకుంటున్నప్పుడు మార్కులు వేయవద్దని వారే చెప్పారు. వాడు మేలుకొని, ఎవరూ కదిలించకుండా ఉన్నప్పుడు చూడండి. చెవులు పక్కలకు వాలి ఒకదానికొకటి దూరంగా జరిగి, కళ్లు బిగించినట్టు సన్నబడి, మీసాలు మెత్తగా వంగకుండా బిరుసుగా ముందుకు నిలిచి ఉంటే అది నిద్రమత్తు కాదు.

మీ మాటల్లో నాకు పట్టుబడ్డది తోక మొదలు. రాత్రిళ్లు తిరిగే మగపిల్లులు పోట్లాడుకున్నప్పుడు, పారిపోతున్నదానికి కాటు అక్కడే పడుతుంది. పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన చర్మం త్వరగా మూసుకుపోతుంది, లోపల రెండు మూడు రోజుల్లో చీము పట్టి గడ్డ కడుతుంది. వెంట్రుకలు విడదీసి చూస్తే చిన్న పొక్కు, అట్టకట్టిన వెంట్రుక, వేడి తగులుతాయి. నొక్కవద్దు. పసుపు రాయడంవల్ల మూసుకున్న గాయం లోపలి చీము బయటికి రాదు. మనుషుల జ్వరం మాత్రలు అసలే వేయవద్దు. పారాసెటమాల్ పిల్లికి విషం. పొద్దున్నే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

టెక్కలి అమ్మమ్మ

నాయనా, నేను ఫోటోలు పెట్టలేను గాని మా ముసలిపిల్లి గురించి అడుగుతాను. అది కూడా ముద్దగానే కూర్చుంటుంది, మోచేతులు బయటికి పెట్టి, మెడ సాచి. మీరు చెప్పారని నిద్రలో లెక్కపెట్టాను, 36 వచ్చింది. తిండి బాగానే తింటుంది. వయసువల్లే కదా?

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

కాంపౌండరు గారు ఊహించిందే నిజమైంది. డాక్టరు గారు జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందని చూసి, తోక పక్కన వెంట్రుక గొరిగితే రెండు చిన్న కంతలు కనిపించాయి. మత్తు ఇచ్చి కోసి చీము తీసి, లోపల కడిగి, చీము కారిపోవడానికి వీలుగా కుట్లు వేయకుండా వదిలారు. ఇంజెక్షను ఇచ్చి, మాత్రలు రాసి, నాకకుండా మెడకు అట్ట కట్టారు. చుట్టుకుంటే తోక మొదట్లో చర్మం సాగుతుందని, వెల్లకిలా పడుకుంటే అదే చోట బరువు పడుతుందని, ఒత్తిడి లేకుండా మిగిలింది ముద్దగా కూర్చోవడం ఒక్కటేనని ఆయన వివరించాక, వాడు అలా ఎందుకు ఉన్నాడో అర్థమైంది. ఆ రాత్రే పక్కకు ఒరిగి కాళ్లు చాపుకొని పడుకున్నాడు, పాదాలు అదురుతుంటే చూస్తూ కూర్చున్నాను. తరువాత దుప్పటిలో చుట్టుకోవడం మొదలుపెట్టాడు. వెల్లకిలా మాత్రం ఇంకా పడుకోవడం లేదు. నొప్పి మిగిలి ఉందంటారా?

మేడమీది పిల్లులు, బొబ్బిలి

అది మాత్రం చలేనండి, ఈసారి నా మాట నమ్మండి. మా మూడూ సంక్రాంతి దాటేదాకా పొట్ట చూపించవు.

పాత కాంపౌండరు, శ్రీకాకుళం

కావచ్చు. తినడం, తోక పైకెత్తి నడవడం, గోడ దూకడం మామూలైతే నేను కూడా చలి అనే అనుకుంటాను. కాని ఎండలు ముదిరేదాకా ఆ సంగతి తేల్చలేము. గాయం పూర్తిగా మానాక ఆపరేషన్ విషయం డాక్టరు గారితో మాట్లాడండి. చేయిస్తే తిరుగుళ్లు, పోట్లాటలు బాగా తగ్గుతాయి.

టెక్కలి అమ్మా, మీ పిల్లి సంగతి వేరు. మోచేతులు బయటికి తెరిచి మెడ సాచడం ఊపిరి కోసం తంటాలు పడే పిల్లి చేసే పని. ఈ రోజే, అది ఒళ్లు మరచి నిద్రపోయినప్పుడు, మరి రెండుసార్లు లెక్కపెట్టండి. మళ్లీ 30 దాటితే వయసు అనుకోకుండా రేపే చూపించండి. గుండె జబ్బువల్ల గాని, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడంవల్ల గాని అలా అవుతుంది. నోరు తెరిచి ఊపిరి తీసినా, చిగుళ్లు నీలంగా మారినా లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకండి. తీసుకెళ్లేటప్పుడు గుడ్డలో బిగించి చుట్టవద్దు. గాలి ఆడే బుట్టలో, దానికి నచ్చినట్టు కూర్చోనిచ్చి తీసుకెళ్లండి.