ఈ క్యాసెట్ పాట ఏ కాలందో చెప్పగలరా?

అమలాపురంలో మా మావయ్య గారి అటక మీద పేరు చెరిగిపోయిన క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో ఒక పాట ఎప్పటిదో తేలడం లేదు. మొదట్లో గాజు గంటల్లా మోగే కీబోర్డు అచ్చం యమహా డీఎక్స్7 ఎలక్ట్రిక్ పియానోలా ఉంది. నా చెవి నిజమైతే పాట 1983కి ముందుది కాదు, ఆ కీబోర్డు వచ్చిందే అప్పుడు. డ్రమ్ము దెబ్బ పెద్దగా మోగి, ప్రతిధ్వని సాగకుండా టక్కున తెగిపోతోంది. అదీ ఎనభైల వాసనే. కానీ ఆ టోన్లు తొంభైల్లోనూ వాడారుగా! బుస్సుమనే శబ్దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు, అది కాపీ చేసిన క్యాసెట్‌ది కావచ్చు. గొంతుకి రెవర్బ్ దండిగా ఉంది, తబలా మాత్రం పొడిగా చెవి పక్కనే మోగుతోంది. సినిమా పాటా, ప్రైవేటు భక్తిగీతమా? ఎనభైలో తొంభైలో తేల్చాలంటే ఇంకేం వినాలండీ?